"పంపాలని నిర్ణయించారు" సరే, పంపేదెవరు? సమావేశ మినిట్స్ గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: సమావేశంలో అన్నవన్నీ రాస్తేనే మంచి మినిట్స్.

చర్చ అంతా అక్కర్లేదు. తేలిన నిర్ణయం, దాని కారణం ఒక్క వాక్యంలో, ఆపైన ఎవరు ఏ పని ఎప్పటిలోగా చేస్తారో ఉంటే చాలు. ఎవరైనా తమ అభ్యంతరాన్ని నమోదు చేయమని అడిగితే మాత్రం తప్పక రాయాలి.

అపోహ: గజిబిజి నోట్సును చక్కని వాక్యాలుగా మారిస్తే పని పూర్తయినట్టే.

నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది కాబట్టి అది కంటికి ఆనదు. ఒక సోమవారం సమావేశంలో నా నోట్సు ఇలా ఉంది (పేర్లు మార్చాను): "మాన్యువల్ - పాత ధరలు - సురేశ్/లలిత - వచ్చే వారం - ప్రింటర్?" దీన్ని "మాన్యువల్‌లో ధరలు సవరించి వచ్చే వారం ముద్రణకు పంపాలని నిర్ణయించారు" అని రాశాను. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ అది చదివి ఎవరూ కుర్చీలోంచి లేవరు.

ఆ సాయంత్రమే ఇద్దరినీ విడివిడిగా అడిగాను. "సురేశ్ గారు జాబితా ఇస్తే మారుస్తాను" అన్నారు లలిత. జాబితా ఆమె దగ్గరే ఉందనుకుంటున్నారు సురేశ్. రెండు పేర్ల మధ్య నేను గీసిన ఆ చిన్న గీత వెనుక రెండు వేర్వేరు పనులున్నాయి. చివరికి మినిట్స్‌లోకి వెళ్లింది ఇది:

1. కొత్త ధరల జాబితా లలితకు ఇవ్వడం: సురేశ్, మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం 12 గంటలలోగా.
2. ధరలు మార్చిన ఫైలు ప్రింటర్‌కు పంపడం: లలిత, మార్చి 21, శుక్రవారం, సాయంత్రం 5 గంటలలోగా.
3. తేలని అంశం, ఏ ప్రింటర్‌కు ఇవ్వాలి: మేనేజరు మార్చి 20, గురువారంలోగా చెబుతారు.

ప్రతి పనికీ ఒక్కరే బాధ్యులు. సాయం చేసేవారి పేర్లు విడిగా రాయవచ్చు. క్రియనూ చూసుకోండి. "ఇవ్వడం", "పంపడం" అయ్యాయో లేదో తెలుస్తుంది. "చూడడం", "పర్యవేక్షించడం" ఎప్పటికీ పూర్తికావు.

అపోహ: "వచ్చే వారం" అన్నా గడువే.

వినేవారు దాన్ని శుక్రవారం సాయంత్రమని లెక్కేసుకుంటారు, ఆ ఫైలు కోసం ఎదురుచూసేవారు సోమవారమని లెక్కేసుకుంటారు. తేదీతో పాటు వారం పేరు కూడా రాయండి. తేదీ పొరపాటున తప్పు పడితే వారం దాన్ని పట్టిస్తుంది. ఒక పని మరొక పని మీద ఆధారపడితే, పైన బుధవారానికీ శుక్రవారానికీ మధ్య ఉన్నట్టు, పని చేయడానికి సరిపడా వ్యవధి వదలాలి.

అపోహ: ఖాళీలను మినిట్స్ రాసేవారే పూరించవచ్చు.

వద్దు. మనం ఊహించి వేసిన తేదీని ఎవరూ ఒప్పుకున్నట్టు కాదు. జవాబు రాకపోతే "గడువు ఖరారు కాలేదు" అని రాసి, పంపేటప్పుడు ఆ వరుసను ప్రత్యేకంగా చూపించండి. సమావేశానికి రానివారి మీద పని వేస్తే, మినిట్స్ అందరికీ వెళ్లేలోపే వారికి ఫోను చేసి అడగాలి.