ఉసిరికాయ ఉడికితే విటమిన్ సి పోదా? అపోహలు - వాస్తవాలు

కార్తీకమాసం మొదలయ్యేసరికి గుంటూరులో మా పరీక్షశాల బల్ల మీద ఉసిరి పచ్చడి సీసాలు వరుస కడతాయి. ఆహార పదార్థాలను పరీక్షించడం నా వృత్తి. మొన్న ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక ఆవిడ రెండు సీసాలు తెచ్చి, "ఉసిరిలో విటమిన్ సి ఎంత ఉడికించినా పోదంటారు కదండీ, ఆ మాట లేబుల్ మీద వేసుకోవచ్చా?" అని అడిగారు. వేసుకోకూడదని చెప్పాను. ఎందుకో చెప్పడానికి మాత్రం ఒక పూట పట్టింది.

అపోహ: ఉసిరిలోని విటమిన్ సి వేడికి తట్టుకునే ప్రత్యేకమైన రకం.

వాస్తవం: ఉసిరిలో ఉన్నదీ, నిమ్మలో ఉన్నదీ, జామలో ఉన్నదీ ఒకటే పదార్థం, ఆస్కార్బిక్ ఆమ్లం. దాని నిర్మాణంలో ఏ తేడా లేదు. తేడా అంతా దాని చుట్టూ ఉన్న రసంలోనే ఉంది.

విటమిన్ సి నశించడానికి వేడి ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు గానీ, అసలు శత్రువు గాలిలోని ఆక్సిజన్. వేడి దాని పనిని వేగవంతం చేస్తుంది. ఆక్సిజన్ తగిలినప్పుడు ఆస్కార్బిక్ ఆమ్లం ముందుగా డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ దశలో నష్టమేమీ లేదు, ఎందుకంటే శరీరం దాన్ని తిరిగి విటమిన్‌గా మార్చుకోగలదు. కానీ వేడిలో, ముఖ్యంగా పులుపు తక్కువగా ఉన్న పదార్థంలో, అది మరొక మెట్టు దిగి డైకీటోగులోనిక్ ఆమ్లంగా విడిపోతుంది. అక్కడినుంచి వెనక్కి దారి లేదు. ఈ మొత్తం వ్యవహారాన్ని తొందర పెట్టేవి రెండు: రాగి, ఇనుము వంటి లోహాల అతి స్వల్ప అంశాలు ఒకటి, కాయను కోయగానే కణాల్లోంచి బయటపడే ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము రెండోది. దోసకాయ జాతిలో ఈ ఎంజైము పుష్కలంగా ఉంటుంది.

ఉసిరిలో ఈ రెండింటికీ అడ్డుకట్టలున్నాయి. మొదటిది పులుపు. పులుపు పెరిగేకొద్దీ తగ్గే పిహెచ్ అంకె ఉసిరి రసంలో సుమారు 3కు దగ్గరగా, ఒక్కోసారి అంతకంటే తక్కువగా ఉంటుంది. అంత పులుపులో ఆ ఎంజైము సరిగా పనిచేయదు, విటమిన్ రెండో మెట్టు దిగడం కూడా నెమ్మదిస్తుంది. పులుపు నిమ్మకూ ఉంది కనుక ఉసిరి ప్రత్యేకత రెండో అడ్డుకట్టలో ఉంది. అదే వగరు, అంటే టానిన్లు.

ఉసిరిలోని టానిన్ అంటే గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం వంటి చిన్న ముక్కలు చక్కెర అణువు చుట్టూ అతుక్కుని ఏర్పడిన పెద్ద అణువు. ఉసిరి ముక్క కొరికితే నాలుక బిగుసుకుపోయినట్లు అనిపించడానికి కారణం, అది మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని పేరబెట్టడం. ఎంజైము కూడా ప్రోటీనే కాబట్టి, నోట్లో జరిగే పని కోసిన కాయలోనూ జరుగుతుంది: టానిన్ ఎంజైమును పట్టుకుని దాని చేతులు కట్టేస్తుంది. అంతేగాక రాగి, ఇనుము అయాన్లకు అంటుకుని, వాటిని ఆస్కార్బిక్ ఆమ్లం దగ్గరకు పోకుండా ఆపుతుంది. ఆపై మిగిలిన ఆక్సీకరణ దెబ్బను కొంతవరకు తానే కాస్తుంది. ఈ విషయం కొత్తదేమీ కాదు. 1936లోనే దామోదరన్, నాయర్ అనే శాస్త్రవేత్తలు ఉసిరిలోని ఒక టానిన్ విటమిన్ సిని కాపాడుతుందని బయోకెమికల్ జర్నల్‌లో ప్రచురించారు. అయితే కాపాడడం వేరు, నాశనమే లేకుండా చేయడం వేరు. ఈ అడ్డుకట్టలు నష్టాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆపవు. ఉసిరిని గంటల తరబడి మరిగించినా, ముక్కలు చేసి ఎండలో పరచినా విటమిన్ తగ్గుతుంది.

మరో సంగతి కూడా ఈ అపోహకు ఊతమిస్తుంది. ఉసిరి ఆరంభ నిల్వే ఎక్కువ. మన పాత పోషకాహార పట్టికల్లో 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములని ఉంటుంది. రకాన్ని, పక్వాన్ని బట్టి ఇది చాలా మారుతుంది. ఆ లెక్కనే తీసుకుంటే గింజ పోగా 30 గ్రాముల కాయలో 180 మిల్లీగ్రాములు ఉంటాయి. వంటలో సగం పోయినా 90 మిగులుతాయి, అది పెద్దవారికి ఒక రోజుకు సరిపోతుంది. నిమ్మరసంలో 100 గ్రాములకు 50కి అటూ ఇటూగా ఉంటుంది గనుక అక్కడ సగం పోతే మిగిలేది కొద్దే. రెండుచోట్లా పోయిన వంతు ఒక్కటే అయినా, చూసేవారికి ఉసిరి తట్టుకున్నట్లు కనిపిస్తుంది.

అపోహ: ఉడికించినప్పుడు పోయేదంతా వేడికే పోతుంది.

వాస్తవం: ఆవిడ పచ్చడి పద్ధతిలో అసలు లోపం ఇక్కడే బయటపడింది. కిలో కాయలను రెండు లీటర్ల నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు వంపేసి, గింజలు తీసి, పోపులో వేస్తారట. మరుసటి రోజు ఆ వంపేసే నీళ్లు కూడా తెమ్మన్నాను.

మేము చేసే పరీక్ష ఇలా ఉంటుంది. పది గ్రాముల ముక్కను మెటాఫాస్ఫారిక్ ఆమ్లంలో నూరి వడకడతాం. గాలి తగిలి విటమిన్ పోకుండా ఆ ఆమ్లం కాపాడుతుంది. ఆ తేటలోకి నీలిరంగు ద్రావణాన్ని బ్యూరెట్ అనే కొలత గొట్టంతో చుక్కలు చుక్కలుగా వదులుతాం. విటమిన్ ఉన్నంతసేపు పడిన చుక్క పడినట్టే రంగు పోతుంది, అయిపోగానే లేత గులాబీ రంగు నిలుస్తుంది. ఉసిరి దగ్గర ఒక చిక్కుంది: టానిన్ కూడా ఈ రంగును విరుస్తుంది, కాకపోతే నెమ్మదిగా. గులాబీ రంగు కొన్ని సెకన్లు నిలిచి తర్వాత వెలిసిపోతే దాని వెంటపడి ఇంకో చుక్క, ఇంకో చుక్క వేయకూడదు; వేస్తే టానిన్‌ను కూడా విటమిన్ ఖాతాలో రాసినట్లవుతుంది. ఉసిరి గురించి ప్రచారంలో ఉన్న కొన్ని భారీ అంకెలను నేను అందుకే అనుమానంగా చూస్తాను.

ఆవిడ తెచ్చిన నీళ్లు చుక్క తర్వాత చుక్కగా రంగును మింగుతూనే పోయాయి. ఉడికిన ముక్కల్లో లేనిది చాలావరకు అక్కడే ఉంది. విటమిన్ సి, టానిన్లు రెండూ నీటిలో కరుగుతాయి కాబట్టి, కాపలాదారుతో సహా సొమ్ము కాలువలో పోతోందన్నమాట. అవే కాయలను ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పది నిమిషాలు ఉంచి పరీక్షిస్తే, ముక్కలు స్పష్టంగా ఎక్కువ రంగును విరిచాయి.

మురబ్బా కోసం కాయలకు గాట్లు పెట్టి, పటిక నీళ్లలో నానబెట్టి వగరు తీసేటప్పుడు జరిగేదీ ఇదే. వంటసోడా వేయడం ఇంకా నష్టం, ఎందుకంటే అది పులుపు అనే మొదటి అడ్డుకట్టనే కూలుస్తుంది.

అపోహ: ముక్క నల్లబడితే విటమిన్ పోయినట్లే.

వాస్తవం: ఇనుప కత్తితో కోసినా, ఇనుప బాణలిలో వేయించినా ఉసిరి నల్లబడటం టానిన్‌కు ఇనుము తగిలిందనడానికి గుర్తు, పూర్వం కరక్కాయతో సిరా తయారైంది ఈ సూత్రం మీదే. ఆ నలుపును చూసి విటమిన్ ఎంత పోయిందో చెప్పలేం. స్టీలు కత్తి, స్టీలు గిన్నె వాడితే సమస్యే రాదు. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు మాత్రం ఈ పనికి అసలు వద్దు. అంత పులుపులో రాగి కరిగి కలుస్తుంది, టానిన్ పట్టుకోగలిగినదానికంటే ఎక్కువైతే విటమిన్ మీద పడుతుంది.

ఆవిడ లేబుల్ మీద ఆ మాట వేయలేదు. ఇప్పుడు కాయలను ఆవిరి మీద పెడుతున్నారు, అడుగున చేరిన కాసిని నీళ్లను కూడా పోపులోనే కలిపేస్తున్నారు. వగరు కాస్త పెరిగిందని ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు చేశారట; వారికి బెల్లం కొంచెం ఎక్కువ వేసి ఇస్తున్నానని చెప్పారు.