ట్యునీషియన్ క్రోషేలో అంచు ఎందుకు చుట్టుకుంటుంది?

ట్యునీషియన్ క్రోషేను మొదటిసారి ప్రయత్నించిన వారికి దాదాపు అందరికీ ఒకే అనుభవం ఎదురవుతుంది. అయిదారు వరసలు పూర్తయ్యేసరికి అల్లిక అడుగు అంచు పైకి లేచి, చాప చుట్టుకున్నట్టుగా ముందు వైపుకు చుట్టుకుపోతుంది. చేత్తో సాపు చేసినంతసేపు నిలిచి, వదలగానే మళ్లీ చుట్టుకుంటుంది. ఎక్కడో లెక్క తప్పిందనుకుని విప్పేసి మళ్లీ మొదలుపెట్టేవారు చాలామంది ఉన్నారు. అయితే ఇది లెక్క తప్పడం వల్ల వచ్చేది కాదు. ఈ అల్లిక నిర్మాణంలోనే చుట్టుకునే గుణం ఉంది. ఆ నిర్మాణం అర్థమైతే ఏ సూది ఎంచుకోవాలో, ఏ కుట్టుతో మొదలుపెట్టాలో కూడా తేలికగా తెలుస్తుంది.

మామూలు క్రోషేలో ఒక కుట్టును మొదలుపెట్టి, పూర్తి చేసి, ఆ తరువాతే పక్క కుట్టుకు వెళతాం. సూది మీద సాధారణంగా రెండు మూడు లూపులకు మించి ఉండవు. ట్యునీషియన్ పద్ధతిలో ఒక వరస రెండు దశల్లో పూర్తవుతుంది. మొదటి దశలో కుడి నుంచి ఎడమకు వెళుతూ, కింది వరసలోని ఒక్కొక్క నిలువు పోగు కింద సూదిని దూర్చి, దారం లాగి, వచ్చిన లూపును సూది మీదే ఉంచుకుంటాం. ఇరవై కుట్లుంటే దశ ముగిసేసరికి సూది మీద ఇరవై లూపులు ఉంటాయి. దీన్ని ఎక్కించే దశ అందాం. రెండోది దింపే దశ. అల్లికను తిప్పకుండానే, దారం చుట్టి మొదట ఒక్క లూపులోంచి లాగుతాం. ఆ తరువాత ప్రతిసారీ దారం చుట్టి రెండేసి లూపుల్లోంచి లాగుతూ, సూది మీద ఒక్క లూపు మిగిలేవరకు ఎడమ నుంచి కుడికి వస్తాం. ఎప్పుడూ ఒకే ముఖం మన వైపు ఉండడం ఈ అల్లిక ప్రత్యేకత. చుట్టుకోవడానికి మూలం కూడా అక్కడే ఉంది.

పూర్తయిన వరసను దగ్గరగా పరిశీలిస్తే రెండు పొరలు కనిపిస్తాయి. ముందు వైపు, ఎక్కించే దశలో లాగిన లూపులు నిలువు పోగులుగా బారులు తీరి ఉంటాయి. వాటి వెనక, దింపే దశలో ఏర్పడిన గొలుసు అడ్డంగా పరుచుకుని, వెనక ముఖం మీద బొడిపెలుగా ఉబ్బి ఉంటుంది. వరస మీద వరస పేరుతున్న కొద్దీ వెనక పొరలో గొలుసులు ఒకదాని మీద ఒకటి చేరి, వాటి మందానికి తగిన ఎత్తు కోరుకుంటాయి. ముందు పొరలోని నిలువు పోగులేమో బిగువుగా సాగి, ఎత్తు తక్కువ చేయాలని చూస్తాయి. రెండు ముఖాలు విడదీయరానంతగా కలిసి ఉన్నప్పుడు, ఒకటి పొడవుగా, మరొకటి పొట్టిగా ఉండాలనుకుంటే ఆ వస్తువు పొట్టి ముఖం వైపుకే వంగుతుంది. ఎండలో పరిచిన అప్పడం సంగతి చూడండి. పైముఖం ముందుగా ఆరి కుంచించుకుంటుంది, అడుగు ముఖంలో ఇంకా తడి ఉంటుంది, అందుకే అంచులు పైకి లేస్తాయి. మన అల్లికలో కుంచించుకున్నది ముందు ముఖం కనుక అంచు ముందు వైపుకు చుట్టుకుంటుంది.

ఈ లాగుడు అల్లికంతటా ఒకేలా ఉన్నా, నడిమి భాగంలో పైనా కిందా ఉన్న వరసలు పట్టి ఉంచడం వల్ల బయటపడదు. అడుగు అంచుకు కింద పట్టుకునేది ఏదీ లేదు. పైగా ఆ అంచులో మొదటి గొలుసు ఉంటుంది; చాలామంది గొలుసును బిగించి అల్లుతారు కనుక అది వంపును మరింత పెంచుతుంది.

కుట్టును బట్టి చుట్టుకునే తీవ్రత మారుతుందన్న విషయం కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. పైన చెప్పినది సింపుల్ కుట్టు. నిట్ కుట్టులో సూదిని నిలువు పోగు కింద కాకుండా, ఆ లూపు రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి దూర్చుతాం. దాంతో గొలుసు మొత్తం వెనక్కి నెట్టబడి, ముందు ముఖం స్వెట్టర్ అల్లికలా నున్నగా వస్తుంది. చూడడానికి ఎంతో బాగుండే ఈ కుట్టే అన్నిటికంటే ఎక్కువగా చుట్టుకుంటుంది. పర్ల్ కుట్టులో దారాన్ని ముందుకు తెచ్చి సూదిని దూర్చుతాం కనుక ఒక అడ్డపోగు ముందు ముఖం మీద నిలుస్తుంది. రివర్స్ కుట్టులో వెనకనున్న నిలువు పోగును పట్టుకుంటాం, అందుచేత బొడిపెలు ముందుకు వస్తాయి. ఈ రెండూ ముందు ముఖానికి మందాన్ని చేర్చి, తూకాన్ని అటు వైపుకు జరుపుతాయి. ఒక సింపుల్, ఒక పర్ల్ చొప్పున వరసంతా అల్లి, పై వరసలో వాటి స్థానాలు తారుమారు చేస్తే వచ్చే తేనెపట్టు అల్లిక చాలావరకు సాపుగా ఉండడానికి కారణం ఇదే. రెండు ముఖాల్లోనూ పోగులు దాదాపు సమంగా సర్దుకుంటాయి.

ఇక సూది సంగతి. ఊలు ఉండ మీది చీటీలో 4 మి.మీ. సూది వాడమని ఉంటే, ట్యునీషియన్ అల్లికకు 5.5 లేదా 6 మి.మీ. సూదితో మొదలుపెట్టాలి. ఇది సొంత ఇష్టానికి వదిలేయదగిన చిన్న విషయం కాదని నా అభిప్రాయం. మిగిలిన ఉపాయాలన్నీ దీని తరువాతవే. ఒక కుట్టు చోటులో నిలువు లూపు, గొలుసు లూపు రెండూ ఇమడాలి కనుక మామూలు క్రోషే కంటే ఇక్కడ దారానికి ఎక్కువ చోటు అవసరం. దీనికి తోడు, వంచిన దారం నిటారు కావాలని చూస్తుంది. వంపు ఎంత చిన్నదైతే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. సాగే గుణమున్న సన్నని కడ్డీని వంచినప్పుడు అందులో చేరే శక్తి వంపు తీవ్రతకు వర్గంగా పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. అంటే వంపు వ్యాసార్ధాన్ని రెట్టింపు చేస్తే ఆ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఊలు దారం ఉక్కు కడ్డీ కాదు కనుక ఈ లెక్క అచ్చంగా వర్తించదు గాని, లూపు కొంచెం పెద్దదైనా బిగువు బాగా తగ్గడానికి కారణం మాత్రం ఇందులో దొరుకుతుంది.

నరసాపురం లేసు అల్లే చేతులకు ఈ విషయంలో కొంత ఇబ్బంది కలగవచ్చు. అక్కడ సన్నని నూలు దారం, సన్నని సూది. కుట్టు ఎంత బిగువుగా, సమంగా ఉంటే పనితనం అంత గొప్పది. ఆ అలవాటుతో ట్యునీషియన్ అల్లికకు దిగితే అంచు గొట్టంలా చుట్టుకోవడం ఖాయం. అలా బిగించి అల్లే అలవాటున్నవారు చీటీ మీది అంకెకు 2 మి.మీ. కాదు, 2.5 లేదా 3 మి.మీ. కలపడం మంచిది.

సూది ఆకారానికి కూడా నియమాలున్నాయి. లూపులన్నీ దాని మీదే నిలవాలి కనుక కాడ పొడవుగా, కొస నుంచి కొస వరకు ఒకే మందంతో ఉండాలి. బొటనవేలు ఆనించే చదునైన భాగం ఉన్న మామూలు క్రోషే సూదితో పది పన్నెండు కుట్ల చిన్న నమూనా అల్లవచ్చు గాని, అంతకు మించితే లూపులు ఆ చదును మీదికెక్కి కొలత మారిపోతాయి. మఫ్లర్ వంటి వాటికి చివర బిరడా ఉన్న, సుమారు 30 సెం.మీ. పొడవు సూది సరిపోతుంది. దుప్పటి వెడల్పుకు సూది వెనక సన్నని ప్లాస్టిక్ తీగ తగిలించిన రకం కావాలి. లూపులు ఆ తీగ మీదికి జారి, బరువు మణికట్టు మీద కాకుండా ఒడిలో పడుతుంది.

ఇప్పుడు ఒక నమూనా అల్లి చూద్దాం. చీటీ మీద 4 మి.మీ. అని ఉన్న అక్రిలిక్ ఊలు, 6 మి.మీ. సూది తీసుకుని, అదే సూదితో వదులుగా ఇరవై గొలుసులు అల్లాలి. గొలుసు ముందు ముఖం జడపాయల్లా ఉంటుంది. తిప్పి చూస్తే వెనక వరసగా బొడిపెలు కనిపిస్తాయి. సూది నుంచి రెండో గొలుసుతో మొదలుపెట్టి, ఒక్కొక్క బొడిపెలోంచి ఒక లూపు ఎక్కించాలి. ఇలా చేస్తే జడపాయలు అడుగున చదునుగా మిగిలి అంచు సమంగా వస్తుంది. సూది మీద ఉన్నదానితో కలిపి ఇరవై లూపులు లెక్కకు రావాలి. దింపే దశలో చేతిని తొందరపెట్టకూడదు. ఇక్కడ బిగించి లాగే అలవాటు వల్ల వెడల్పు కూడా తగ్గుతుంది. తరువాత రెండు వరసలు రివర్స్ కుట్టు, ఆపైన పది వరసలు సింపుల్ కుట్టు అల్లాలి. ప్రతి వరసలో కుడివైపు మొట్టమొదటి నిలువు పోగును వదిలేయాలి, ఎందుకంటే సూది మీదున్న లూపు దానిదే. ఎడమ చివరి కుట్టులో ఒక పోగును కాక, పక్కపక్కనే ఉన్న రెండు పోగులనూ కలిపి పట్టుకోవాలి. ఆ చివరి కుట్టును మరిచిపోతే అల్లిక వరస వరసకూ సన్నబడుతుంది కనుక, దింపే ముందు ఒకసారి ఇరవై లెక్క చూసుకోవాలి.

నమూనాను బల్ల మీద పెట్టి పది నిమిషాలు వదిలేయండి. అడుగు అంచు వేలి మందం లేచి ఆగిపోతే సూది సరైనదే. మిగిలిన వంపు తడిపి ఆరబెడితే పోతుంది. పూర్తిగా చుట్టుకుపోతే ఆరబెట్టడం మీద ఆశ పెట్టుకోకుండా 6.5 లేదా 7 మి.మీ. సూదితో మళ్లీ మొదలుపెట్టాలి. అంచు చుట్టుకోకుండా అల్లిక మొత్తం ఒక పక్కకు ఒరిగితే అది వేరే సంగతి. సింపుల్ కుట్టుకు కొంచెం వాలు సహజంగానే ఉంటుంది, దాన్ని చుట్టుకోవడంగా పొరబడకూడదు. కొలత ఎప్పుడూ ఉతికి ఆరిన తరువాతే తీయాలి. నడిమి 10 సెం.మీ.లో పదహారు కుట్లు వస్తే, 25 సెం.మీ. వెడల్పు మఫ్లర్‌కు నలభై కుట్లు కావాలి. మఫ్లర్ పై అంచుకు కూడా రెండు వరసల రివర్స్ కుట్టు వేసి, ఒక్కొక్క కుట్టులోంచీ వదులుగా లూపు లాగి ముగిస్తే రెండు కొసలూ ఒకేలా నిలుస్తాయి.

తడిపి, గుండుసూదులతో సాపుగా బిగించి ఆరబెట్టే బ్లాకింగ్ ప్రభావం దారాన్ని బట్టి ఉంటుంది. గొర్రె ఊలులోని ప్రొటీన్ పోగుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు తడికి విడిపోయి, ఆరేటప్పుడు కొత్త ఆకారంలో ముడిపడతాయి. మళ్లీ తడిసినప్పుడు అవి మళ్లీ విడిపోతాయి కనుక ప్రతి ఉతుకు తరువాత సాపుగా పరిచి ఆరబెట్టక తప్పదు. మన బజార్లలో ఎక్కువగా దొరికే అక్రిలిక్‌కు చన్నీళ్ల తడి సరిపోదు, వేడి కావాలి. ఇస్త్రీ పెట్టెను అల్లికకు తాకించకుండా రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని ఆవిరి పట్టిస్తే పోగులు మెత్తబడి, చల్లారాక ఆ ఆకారంలోనే ఉండిపోతాయి. వేడి ఎక్కువైతే మాత్రం దారం తన ఉబ్బు, సాగే గుణం పోగొట్టుకుని జీవం లేనట్టు వేలాడుతుంది. అది మళ్లీ మునుపటిలా కాదు. అందుకే ఆవిరిని మొదట ఈ ఇరవై కుట్ల నమూనా మీదే, ఒక మూల నుంచి కొంచెం కొంచెంగా పట్టించి చూడాలి.