రెండు చెంచాల పెట్రోల్

ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌కి రోజూ పది కిలోమీటర్లు కారులో వెళ్తాను. చిన్న పెట్రోల్ కారు, మనుషులతో కలిపి సుమారు 1100 కిలోల బరువు. ఊళ్లో లీటరుకి 14 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే ఒక ట్రిప్పుకి 700 మిల్లీలీటర్ల పైచిలుకు. ఇదంతా ఎక్కడికి పోతోందో ఒకసారి లెక్క కట్టాలనిపించింది. లెక్కకి కొలతగా టీ చెంచా పెట్టుకున్నాను. ఒక చెంచాకి 5 మిల్లీలీటర్లు.

మొదట బ్రేకు సంగతి. 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఈ కారులో దాదాపు 68 కిలోజౌళ్ల గతిశక్తి ఉంటుంది. బ్రేకు నొక్కగానే అదంతా డిస్కులు, డ్రమ్ములు వేడెక్కడానికే ఖర్చవుతుంది. మళ్లీ 40కి చేరాలంటే ఆ శక్తిని ఇంజన్ కొత్తగా ఇవ్వాలి. లీటరు పెట్రోల్‌లో 32 మెగాజౌళ్ల శక్తి ఉన్నా, ఊళ్లో తిరిగే ఇంజన్ అందులో ఐదో వంతు మాత్రమే చక్రాలకి అందిస్తుంది. ఆ లెక్కన ఒకసారి ఆగి మళ్లీ 40 అందుకుంటే పది మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు. 60 నుంచి ఆగితే రెండు కాదు, ఐదు చెంచాలు దాకా అవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే గతిశక్తి రెండుంపావు రెట్లు అవుతుంది మరి.

నా దారిలో సిగ్నళ్లు, యూటర్న్‌లు, స్పీడ్ బ్రేకర్లు, అడ్డంగా తిరిగే ఆటోలు కలిపి పదిహేను సార్లు ఆగుతాను. ముప్ఫై చెంచాలు! ఖాళీ దొరికిన వంద మీటర్లలో 60 దాకా లాగి, ఎదురుగా ఎర్ర లైటు దగ్గర గట్టిగా బ్రేకు వేసేవాళ్లని రోజూ చూస్తాను. నిమిషం తర్వాత అదే సిగ్నల్ దగ్గర నా పక్కనే ఉంటారు. వాళ్లు ముందు చేరింది ఎర్ర లైటుకి మాత్రమే.

దూరంగా ఎర్ర లైటు కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, కారుని గేరులోనే వదిలేయడం మంచిది. ఇక్కడ మా బాబాయికీ నాకూ ఎప్పుడూ గొడవే. ఆయన కార్బ్యురేటర్ కార్ల కాలం మనిషి. పల్లం కనిపిస్తే చాలు, న్యూట్రల్‌లో వేసేస్తాడు. ఆ కార్లలో దానికి కొంత అర్థం ఉండేది. కానీ ఇప్పటి ఇంజక్షన్ ఇంజన్లలో గేరులో ఉండగా కాలు తీస్తే కంప్యూటర్ ఇంజక్టర్లని పూర్తిగా మూసేస్తుంది. దొర్లుతున్న చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, పెట్రోల్ చుక్క కూడా పడదు. వేగం బాగా తగ్గి, ఇంజన్ ఆగిపోయే స్థితికి వస్తుంటే మళ్లీ పోయడం మొదలెడుతుంది. అదే న్యూట్రల్‌లో అయితే చక్రాలకీ ఇంజన్‌కీ సంబంధం తెగిపోతుంది కాబట్టి, ఆగిపోకుండా ఉండటానికే ఇంజన్ పెట్రోల్ తాగుతూ ఉంటుంది. అప్పటికప్పుడు మైలేజీ చూపించే మీటరు మీ కారులో ఉంటే, పల్లంలో గేరులో కాలు తీసి చూడండి. అంకె ఒక్కసారిగా గరిష్ఠానికి వెళ్లిపోతుంది. ఇక తిరుమల ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ అంటే మైలేజీ మాట పక్కన పెట్టండి. బరువంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి.

రెండో పద్దు, నిలబడి తాగే పెట్రోల్. ఏసీ లేకుండా ఊరికే తిరిగే చిన్న ఇంజన్ గంటకి 600 మిల్లీలీటర్ల వరకూ తాగుతుంది. నిమిషానికి పది. అవే రెండు చెంచాలు! ఏసీ ఉంటే మూడు దాకా వెళ్తుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ పోతుందన్నది చాలామంది నమ్మకం. వేడిగా ఉన్న ఇంజెక్షన్ ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేయడానికి అయ్యే ఖర్చు పది సెకన్ల ఐడిలింగ్‌కి మించదు. కాబట్టి సిగ్నల్ టైమర్ మీద 60 సెకన్లు కనిపిస్తే ఇంజన్ ఆపేయడం లాభం, 15 కనిపిస్తే ఆ పని అనవసరం. మే నెలలో 42 డిగ్రీల ఎండలో వెనక సీట్లో చంటిపిల్ల ఉంటే నేనైతే ఆపను, మిమ్మల్నీ ఆపమనను. కానీ స్కూల్ గేటు బయట చెట్టు నీడలో ఇరవై నిమిషాలు ఇంజన్ ఆన్‌లో పెట్టి ఫోన్ చూసుకోవడానికి అలాంటి సాకు లేదు. అక్కడ అయ్యేది నలభై నుంచి అరవై చెంచాలు, పైగా పొగ వచ్చేది గేటులోంచి బయటికొచ్చే పిల్లల ఎత్తులోనే.

పొద్దున్నే ఇంజన్ వేడెక్కాలని ఐదు నిమిషాలు ఊరికే తిప్పడం కూడా ఇలాంటిదే. పొగలోని విషవాయువులని మార్చే కెటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ సరిగా పనిచేయదు. నిలబడి ఉన్న కారులో అది నెమ్మదిగా వేడెక్కుతుంది. అంతసేపూ శుద్ధి కాని పొగ మన వీధిలోకే వస్తుంది. స్టార్ట్ చేసిన అర నిమిషానికి బయల్దేరి, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనిస్తే సరిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌కి మాత్రం కన్వర్టర్‌తో పనిలేదు. లీటరు పెట్రోల్ మండితే 2.3 కిలోలు, తప్పించుకునే దారి లేదు. ఆ రెండు చెంచాలకీ 23 గ్రాములు.

ఇక టైర్లు. తిరిగేటప్పుడు టైరు అడుగుభాగం నలిగి మళ్లీ సాగుతుంది. రబ్బరు నలగడానికి తీసుకున్న శక్తిని పూర్తిగా తిరిగివ్వదు, కొంత వేడిగా మింగేస్తుంది. గాలి తగ్గితే ఇంకా ఎక్కువ నలుగుతుంది. మా కారుకి కిలోమీటరుకి మూడు, నాలుగు చెంచాలు దీనికే పోతాయి. గాలి 33 పీఎస్‌ఐ నుంచి 25కి పడిపోతే మొత్తం ఖర్చు పెరిగేది రెండు, మూడు శాతమే. గాలి సరిచూస్తే మైలేజీ ఎక్కడికో వెళ్లిపోతుందని వచ్చే వాట్సాప్ మెసేజీలని నమ్మకండి. గాలి తగ్గిన టైరుతో అసలు భయం వేరు. హైవే మీద వేడెక్కి పేలడం, అంచులు ముందే అరిగిపోవడం.

ఎంత గాలి ఉండాలన్నది డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. టైరు గోడ మీద ఉండే అంకె అది భరించగల గరిష్ఠం, మనకి కావల్సింది కాదు. ఆ స్టిక్కర్ అంకె చల్లటి టైరుకి వర్తిస్తుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. నేనూ ఏళ్ల తరబడి పడ్డాను. మధ్యాహ్నం ఆరేడు కిలోమీటర్లు నడిపి బంకుకి వెళ్తే మీటరు 36 చూపించేది. గాలి కొట్టే కుర్రాడు "ఎక్కువుంది సార్" అని 33కి దింపేవాడు. అతని తప్పేం లేదు, చెప్పింది నేనే. నడిచిన టైరులో గాలి వేడెక్కి మూడు, నాలుగు పీఎస్‌ఐ పెరుగుతుంది. అంటే సరిగ్గా ఉన్న టైర్లనే నేను ప్రతి నెలా డబ్బిచ్చి మరీ 30కి తగ్గించుకొచ్చాను.

తర్వాత ఐదారువందలు పెట్టి చిన్న గేజీ కొన్నాను. నెలకోసారి పొద్దున్నే కారు తీయకముందు కొలిచి కాగితం మీద రాసుకుంటాను. టైరు బాగున్నా నెలకి ఒకటి, రెండు పీఎస్‌ఐ దానంతటదే తగ్గుతుంది. కానీ పోయిన నెల మూడు టైర్లు 32 చూపిస్తే, వెనక ఎడమది 26 చూపించింది. కంటికి నాలుగూ ఒకేలా ఉన్నాయి. ట్యూబ్‌లెస్ టైరు కదా, సబ్బు నీళ్లు పోసి చూస్తే రెండు గాడుల మధ్య బుడగలు లేచాయి. లోపల సగం అరిగిన చిన్న మేకు.