ఐవీ ర్యాంకు, ఐవీ పర్సంటైల్: ఆప్షన్లు అమ్మేవాళ్ల అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన చిన్న గదిలో కూర్చుని నిఫ్టీ ఆప్షన్లు అమ్మడం నా పని. మార్కెట్ మూశాక టీ తాగడానికి వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఇప్పుడు ప్రీమియం బాగుందా, అమ్మొచ్చా?" స్క్రీన్ మీద ఏదో ఒక అంకె చూసి అవునో కాదో తేల్చేయాలని వాళ్ల ఆత్రం. ఆ అంకెలు ఐవీ ర్యాంకు, ఐవీ పర్సంటైల్. ఐవీ అంటే ఇంప్లైడ్ వొలటిలిటీ, మార్కెట్ ముందుముందు ఎంత కదులుతుందని ఆప్షన్ ధర అనుకుంటోందో ఏడాది లెక్కన శాతంలో చెప్పే అంకె. వాటి చుట్టూ ఉన్న కొన్ని అపోహల గురించే ఇది.

అపోహ: ర్యాంకు అన్నా పర్సంటైల్ అన్నా ఒకటే.

ముందు మన ఊరి లెక్కలో చూద్దాం. ఒక లాడ్జిలో గది అద్దె ఏడాదిలో అతి తక్కువగా 800 రూపాయలు, వైకుంఠ ఏకాదశి నాడు 6,000 అనుకోండి. ఈరోజు 1,800 అడుగుతున్నాడు. ఏడాదిలో 290 రోజులు అద్దె ఇంతకంటే తక్కువే ఉంది. అంటే మామూలు రోజులతో పోలిస్తే ఈరోజు ఖరీదే. కానీ ఆ ఒక్క ఏకాదశి రోజుతో పోలిస్తే 1,800 చవకగా కనిపిస్తుంది. ర్యాంకు చూసేది ఆ రెండు కొసలనే. పర్సంటైల్ మాత్రం రోజులను లెక్కపెడుతుంది.

```
IVR = (ఇప్పటి IV - ఏడాది కనిష్ఠం) / (ఏడాది గరిష్ఠం - ఏడాది కనిష్ఠం) * 100
IVP = (IV ఇంతకంటే తక్కువున్న రోజులు / మొత్తం ట్రేడింగ్ రోజులు) * 100
```

లాడ్జి ర్యాంకు 19, పర్సంటైల్ 79. ఇప్పుడు ఆప్షన్లకు వద్దాం. నిఫ్టీ ఐవీ ఏడాదిలో 10 నుంచి 30 దాకా తిరిగి, ఇప్పుడు 14 దగ్గరుంది. 250 ట్రేడింగ్ రోజుల్లో 190 రోజులు 14 కంటే కిందే ఉంది. ర్యాంకు 20, పర్సంటైల్ 76. ఒకటి చూసినవాడు "ప్రీమియం ఏమీ లేదు" అంటాడు, రెండోది చూసినవాడు "బ్రహ్మాండంగా ఉంది" అంటాడు. ఇద్దరి ముందూ ఉన్నది అదే 14.

ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ఉదాహరణ కాదు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ ఆప్షన్ల ఐవీని చూపించే సూచీ ఇండియా విక్స్ రోజు మధ్యలో 31 దాటింది, ముగింపుకు 27 లోపుకు వచ్చింది, మర్నాడే 20 కిందికి జారిపోయింది. అలాంటి ఒక్క రోజు తర్వాతి ఏడాదంతా ర్యాంకు లెక్కలో హారాన్ని పెంచేసి కూర్చుంటుంది. పైగా గరిష్ఠంగా రోజు మధ్యలో తాకిన 31 తీసుకున్నారా, ముగింపు 27 తీసుకున్నారా అన్నదాన్ని బట్టి కూడా, కనిష్ఠం 10 ఉన్నప్పుడు, అదే 14కు ర్యాంకు 19 అవుతుంది లేదా 24 అవుతుంది. ఏడాది నిండి ఆ రోజు లెక్కలోంచి జారిపోగానే, ఐవీ కదలకుండానే ర్యాంకు ఒక్కసారిగా పైకి దూకుతుంది. ర్యాంకు రాత్రికి రాత్రి పెరిగిందని సంబరపడే ముందు, పెరిగింది ఐవీయేనా, లేక పాత రోజు పోయిందా అని చూసుకోవాలి. పర్సంటైల్‌కు ఈ జబ్బు తక్కువ, ఒక్క రోజు పోతే దానికి పోయేది ఒక్క రోజే. అందుకే రెండిట్లో ఒకటే చూడాలంటే నేను పర్సంటైల్ చూస్తాను.

అపోహ: ర్యాంకు 100 వచ్చిందంటే ఇక దిగడమే.

2024 ఏప్రిల్ చివర్లో 10, 11 దగ్గరున్న విక్స్, మే నెల సగానికి 20 దాటింది. మా గదికి వచ్చే ఒక తమ్ముడు "అన్నా, ర్యాంకు వంద చూపిస్తా ఉంది, ఇంతకన్నా ఏం పెరుగుతుంది?" అని మార్కెట్‌కు పైన ఒక కాల్, కింద ఒక పుట్ కలిపిన స్ట్రాంగిల్ అమ్మేశాడు. వంద అంటే ఏడాదిలో ఇదే ఎక్కువ అని అర్థం, అంతే. రేపు ఇంకా పెరిగితే రేపు కూడా వందే చూపిస్తుంది. ఆ నెలాఖరుకు విక్స్ 24 దాటింది. జూన్ 3న నిఫ్టీ 3 శాతం పైగా ఎగిరింది, మర్నాడు దాదాపు 6 శాతం పడింది. రెండు కాళ్లూ రెండు రోజుల్లో దెబ్బతిన్నాయి. ఐవీ తర్వాత దిగిన మాట నిజమే, అప్పటిదాకా మార్జిన్ ఆగలేదు.

అపోహ: పర్సంటైల్ ఎక్కువుంటే ప్రీమియం ఖరీదైనట్టే.

అసలు పొరపాటు ఇక్కడుంది. ర్యాంకైనా పర్సంటైలైనా ఐవీని పాత ఐవీతోనే పోలుస్తాయి. అమ్మేవాడికి లాభం వచ్చేది మాత్రం, అతను తీసుకున్న ఐవీ కంటే మార్కెట్ నిజంగా తక్కువ కదిలినప్పుడు. కాబట్టి పోల్చాల్సింది జరిగిన కదలికతో, అంటే రియలైజ్డ్ వొలటిలిటీతో. షీట్‌లో ఆరోజు ముగింపు ధరను ముందురోజు ముగింపుతో భాగించి 1 తీసేస్తే వచ్చే రోజువారీ మార్పులు, 20 రోజులవి, B2 నుంచి B21 దాకా పెట్టుకుంటే చాలు:

```
=STDEV(B2:B21)*SQRT(252)*100
```

పై ఉదాహరణనే కొనసాగిద్దాం. నిఫ్టీ 24,000, ఐవీ 14. దాన్ని 252 వర్గమూలంతో, అంటే సుమారు 15.9తో భాగిస్తే రోజుకు 0.88 శాతం, 210 పాయింట్ల కదలికకు డబ్బు ఇస్తున్నారన్నమాట. గత 20 రోజుల రియలైజ్డ్ 9 వచ్చింది. అంటే నిజంగా కదిలింది రోజుకు 136 పాయింట్ల దరిదాపుల్లో. ఇప్పటి నిఫ్టీ ధర దగ్గరి కాల్, పుట్ రెండూ కలిపిన 30 రోజుల ఎట్ ద మనీ స్ట్రాడిల్ 14 ఐవీ దగ్గర సుమారు 770 పాయింట్లు ఉంటుంది, 9 లెక్కన అయితే 495కే రావాలి. తేడా 275. ర్యాంకు 20 అయినా ప్రీమియం మందంగానే ఉంది.

ఇక్కడితో ఆగి అమ్మేయకండి. 20 రోజులు మార్కెట్ నిద్రపోయి ఉండొచ్చు. 60 రోజుల రియలైజ్డ్ కూడా తీయండి. అది 12 వస్తే స్ట్రాడిల్ సరైన ధర 660, మిగిలే తేడా 110 మాత్రమే. ఖర్చులు, ఒక గ్యాప్ ఓపెనింగ్ అందులోంచే పోవాలి. నేను ఈ రెండిట్లో పెద్దదాన్నే నమ్ముతాను. ఐవీ దానికంటే కనీసం 3 పాయింట్లు పైన లేకపోతే అమ్మను. ఇది నా అలవాటు, శాస్త్రం కాదు. ఈ లెక్కన పై ఉదాహరణలో నేను అమ్మను, 14కూ 12కూ మధ్య తేడా రెండే.

దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. ఐవీ 24, ర్యాంకు, పర్సంటైల్ రెండూ 90 పైన. కానీ మార్కెట్ 28 వొలటిలిటీతో ఊగుతోంది. స్క్రీన్ అమ్మమంటుంది. నిజానికి ఆ ప్రీమియం చవక.

కంపెనీ షేర్లలో ఇంకో చిక్కు. త్రైమాసిక ఫలితాల ముందు ప్రతిసారీ ఐవీ పెరుగుతుంది, ప్రతిసారీ పర్సంటైల్ 90 దాటొచ్చు. ఫలితాలు రాకముందు షేరు కదిలింది తక్కువే కాబట్టి రియలైజ్డ్ కూడా మోసం చేస్తుంది. అప్పుడు గత ఎనిమిది ఫలితాల మర్నాడు షేరు ఎంత కదిలిందో రాసుకుని, స్ట్రాడిల్ అడిగే శాతంతో పోల్చాలి. సగటున 6 శాతం కదిలే షేరుకు స్ట్రాడిల్ 5 శాతమే ఇస్తుంటే, పర్సంటైల్ ఎంతున్నా నేను జోలికి పోను.

అపోహ: యాప్‌లో IVR అని రాసి ఉంటే అది ర్యాంకే.

నేను వాడిన ఒక యాప్‌లో IVR అన్న పేరు కింద పర్సంటైల్ లెక్క నడుస్తుండేది. నెలల తరబడి గమనించలేదు. దాన్ని పట్టుకోవడం తేలిక. ఎన్‌ఎస్‌ఈ సైట్‌లో ఇండియా విక్స్ ఏడాది డేటా దొరుకుతుంది. దాంతో రెండు లెక్కలూ చేసి, యాప్ విక్స్‌కు చూపించే అంకె పక్కన పెట్టండి. ఈ పరీక్షకు ఈమధ్య ఒక్కరోజు విపరీతంగా పెరిగి దిగిన ఏడాది కావాలి, అప్పుడే రెండూ బాగా విడిపోతాయి. చేతి లెక్కలో ర్యాంకు 20, పర్సంటైల్ 76 వచ్చి, యాప్ 76 చూపిస్తే, పేరు ఏం రాసుకున్నా అది పర్సంటైలే.