ఫోటోలో ఒక్క చిన్న మాట మార్చడం: జింప్ కొత్తగా పట్టినవాళ్ల అపోహలు - వాస్తవాలు

జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలు సరిదిద్దే పని చేస్తాను కాబట్టి కొత్తవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: ఫోటోలో ఒక మాట తప్పు పడింది, అది తీసి ఇంకోటి పెట్టాలి, ఎలా? అడిగేవాళ్లు ఇది రెండు నిమిషాల పని అనుకుంటారు. చేయి తిరిగాక పది నిమిషాల్లో అయిపోతుంది, కానీ మొదటిసారి చేసేటప్పుడు కొన్ని నమ్మకాలు అడ్డం పడతాయి. ఒక ఉదాహరణతో చెప్తాను. బొమ్మలు నేర్పే ఒక క్లాసు బయట ఉన్న బోర్డు ఫోటో అది. లేత గోధుమ రంగు బోర్డు మీద ముదురు అక్షరాలతో "ప్రతి సోమవారం" అని ఉంది. క్లాసు శనివారానికి మారింది, ఆ ఫోటోనే అందరికీ పంపాలి. ఫోటో వాళ్లదే, బోర్డు వాళ్లదే. (సర్టిఫికెట్లు, రసీదులు, గుర్తింపు కార్డుల మీద మాట మార్చమంటే నేను చేయను, మీరూ చేయకండి, అది ఫోర్జరీ.)

అపోహ: మాటను సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే పోతుంది, ఆ ఖాళీలో కొత్తది టైప్ చేయొచ్చు.

ఫోటోలో మాట అంటూ ఏమీ ఉండదు. ఉన్నవన్నీ రంగు చుక్కలే, కొన్ని ముదురువి, కొన్ని లేతవి. అక్షరం వెనక బోర్డు దాగి ఉండదు కాబట్టి అక్షరం తీసేస్తే బోర్డు బయటపడదు. డిలీట్ కొడితే అక్కడ తెల్లని మచ్చో, బూడిద రంగు గళ్లో కనిపిస్తాయి. గళ్లు కనిపిస్తే అక్కడ చిల్లు పడిందని అర్థం.

అందుకే ఏదీ తీసేయం, పైనుంచి కప్పుతాం. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, పనికొచ్చేది ఇక్కడే. అడుగున అసలు ఫోటో ఉంటుంది, దాన్ని ముట్టుకోం. దాని మీద పాత మాటను కప్పే అతుకు, అన్నిటికన్నా పైన కొత్త అక్షరాలు. మూడే లేయర్లు. ఏది చెడినా దాన్ని ఒక్కదాన్నే తీసి మళ్లీ చేసుకోవచ్చు.

ఇంకో విషయం, మొత్తం మాట మార్చాలని కూడా లేదు. "సోమవారం", "శనివారం" పక్కపక్కన రాసి చూడండి. "వారం" రెండింటిలోనూ ఉంది, మార్చాల్సింది "సోమ" ఒక్కటే. అసలు ఫోటోలోని అక్షరాలు ఎన్ని మిగిలితే పని అంత సహజంగా వస్తుంది, ఎందుకంటే కొత్తవాటికి ఎంత తంటాలు పడ్డా పాతవాటి వెలుగు, గరుకుదనం అచ్చంగా రావు.

అపోహ: అక్షరం అంచు వెంబడి ఎంత బిగుతుగా సెలెక్ట్ చేస్తే అంత బాగా వస్తుంది.

కొత్తవాళ్లు ఒకేలాంటి రంగును పట్టుకుని సెలెక్ట్ చేసే Fuzzy Select తీసుకుని అక్షరాల మీద నొక్కుతారు, చీమల బారులాంటి గీత అక్షరం చుట్టూ చక్కగా తిరుగుతుంది, పని అయిపోయిందనుకుంటారు. దాన్ని కప్పేశాక చూస్తే "సోమ" దయ్యంలా లీలగా కనిపిస్తూనే ఉంటుంది. ఎందుకో తెలియాలంటే కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పి 400 శాతానికి దగ్గర చేసి చూడండి. అక్షరం ఒక్కసారిగా ఆగిపోదు. ముదురు గోధుమ, తర్వాత మధ్యస్థంగా ఒకటి, తర్వాత ఇంకాస్త లేతది, ఆ తర్వాత గానీ బోర్డు రంగు రాదు. ఆ రెండు మూడు చుక్కల అంచే దయ్యంలా మిగిలేది.

కాబట్టి అక్షరాన్ని సెలెక్ట్ చేయడం మానేయండి, మనకు కావాల్సింది అతుకు. R నొక్కితే Rectangle Select వస్తుంది. మాటకు సరిగ్గా కింద ఉన్న ఖాళీ బోర్డు మీద "సోమ" కన్నా అన్ని వైపులా పది చుక్కలు పెద్దగా ఒక పెట్టె గీయండి. Select > Feather లోకి వెళ్లి 4 ఇవ్వండి, అంచులు మెత్తబడతాయి. కంట్రోల్ సి, కంట్రోల్ వి. జింప్ 2.10 లో అయితే లేయర్ల జాబితాలో Floating Selection అని వస్తుంది, అప్పుడు కింద ఉన్న కొత్త లేయర్ బటన్ నొక్కితేనే అది సొంత లేయర్ అవుతుంది. 2025 లో వచ్చిన 3.0 లో ఆ అవసరం లేదు, నేరుగా లేయర్‌గానే వస్తుంది. తర్వాత M నొక్కి, టూల్ ఆప్షన్లలో Move the active layer పెట్టుకుని, అతుకును "సోమ" మీదికి జరపండి. ఆ ఆప్షన్ పెట్టుకోకపోతే ఒక్కోసారి అతుకు బదులు ఫోటో మొత్తం జరిగిపోతుంది, మొదటిసారి అది చూసి చాలామందికి టెన్షన్ వచ్చేస్తుంది. కంట్రోల్ జెడ్ కొడితే చాలు.

అతుకు ఎక్కడినుంచి తీస్తున్నామన్నది ముఖ్యం. మన బోర్డుకు ఎడమవైపు నుంచి వెలుగు పడుతోంది, కంటికి ఒకే రంగులా ఉన్నా కుడివైపు కొంచెం ముదురు. నేను మొదట మాటకు కుడి పక్క ఖాళీలోంచి తీశాను, తెచ్చి పెట్టగానే చొక్కాకు వేసిన మాసికలా తేలిపోయింది. వెలుగు ఎడమ నుంచి కుడికి తగ్గుతున్నప్పుడు పైనుంచో కిందనుంచో తీయాలి, పైనుంచి కిందికి తగ్గుతుంటే పక్కనుంచి తీయాలి.

ఇక "వా" దగ్గర ఇబ్బంది ఉంది. "మ"కి "వా"కి మధ్య ఎడం ఏడెనిమిది చుక్కలే, అతుకు అక్కడ "వా" అంచును కొరికేస్తుంది. అతుకు లేయర్ మీద రైట్ క్లిక్ చేసి తెల్లని లేయర్ మాస్క్ పెట్టి, చిన్న కుంచెతో నల్ల రంగు వేస్తే ఆ మేరకు అతుకు మాయమై కింది "వా" మళ్లీ బయటికొస్తుంది. ఎక్కువ చెరిపేస్తే తెల్ల రంగు వేసుకుంటే సరి. ఇక్కడ Heal టూల్ వాడమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, నేను వద్దంటాను. అది చుట్టుపక్కల రంగును లాక్కుని కలుపుతుంది, ఖాళీ బోర్డు మధ్యలో అద్భుతంగా ఉంటుంది కానీ ముదురు అక్షరం పక్కన వాడితే ఆ ముదురు రంగంతా మసకగా అలుక్కుంటుంది.

అపోహ: కుంచె పని చేయట్లేదంటే జింప్ పాడైంది.

దాదాపు ఎప్పుడూ రెండే కారణాలు. ఒకటి, ఇందాకటి సెలెక్షన్ ఇంకా ఎక్కడో మిగిలి ఉంది, దాని బయట మీరేం చేసినా అంటదు. షిఫ్ట్ కంట్రోల్ ఏ నొక్కితే పోతుంది. రెండోది, జాబితాలో వేరే లేయర్ ఎంచుకుని ఉంది. మాస్క్ వాడేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది: లేయర్ బొమ్మ పక్కన మాస్క్ బొమ్మ ఉంటుంది, దాని మీద నొక్కి ఉంటేనే మీ నలుపు మాస్క్‌లోకి వెళ్తుంది, లేకపోతే అతుకు మీదే నల్ల మరక పడుతుంది.

అపోహ: అదే ఫాంట్ దొరికితే చాలు, కలిసిపోతుంది.

ఫాంట్ కావాలి, కాదనను. ముందు తెలుగు అక్షరాలున్న యూనికోడ్ ఫాంట్ ఎంచుకోండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసింది కనిపించకపోతే జింప్ మూసి మళ్లీ తెరవండి.

పరిమాణం సరిచూడ్డానికి నేను చేసేది ఒకటుంది. T నొక్కి ముందు "శని" టైప్ చేయను, "సోమ" అనే టైప్ చేస్తాను. అతుకు లేయర్ పక్కన ఉన్న కన్ను గుర్తు నొక్కి దాన్ని దాచి, టెక్స్ట్ లేయర్ Opacity 50 కి తగ్గించి, ఫోటోలోని పాత "సోమ" మీద దాన్ని పెడతాను. రెండూ ఒకదాని మీద ఒకటి సరిపోయేదాకా సైజు, ఫాంట్ మారుస్తాను. సరిపోయాక మాటను "శని"గా మార్చి, Opacity 100 చేసి, అతుకును మళ్లీ చూపిస్తాను. ఊహతో సైజు పెట్టాల్సిన పని ఉండదు.

"శని" వెడల్పు "సోమ" కన్నా తక్కువ, కాస్త ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని ఎడమవైపుకు, "ప్రతి" పక్కకు నెట్టాలి. రెండు మాటల మధ్య ఎడం కొంచెం ఎక్కువైనా ఎవరూ పట్టించుకోరు, ఒకే మాట మధ్యలో "శని", "వారం" విడిపోతే మాత్రం చూసినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఇంతా చేశాక కూడా కొత్త అక్షరాలు స్టిక్కర్ అంటించినట్టే ఉంటాయి, అక్కడే చాలామంది ఫాంట్ తప్పేమోనని వెతకడం మొదలుపెడతారు. తప్పు ఫాంట్‌ది కాదు. మొదటిది రంగు: బోర్డు మీది అక్షరాలు నలుపని అనుకుంటాం, O నొక్కి Color Picker తో "వా" లావు గీత మధ్యలో నొక్కి చూస్తే ముదురు గోధుమ వస్తుంది. ఒక్క చుక్క రంగును నమ్మకండి, Sample average పెట్టి 3 ఇవ్వండి. రెండోది పదును: కెమెరా తీసిన అక్షరానికి అంచు మెత్తగా ఉంటుంది, టైప్ చేసినదానికి కత్తిలా ఉంటుంది. Filters > Blur > Gaussian Blur లో మొదట ఉండే 1.5 ఎక్కువ, మన బోర్డుకు 0.8 సరిపోయింది. మూడోది గరుకు: ఫోటోలో సన్నని ఇసుకలాంటిది ఉంటుంది, Filters > Noise > RGB Noise లో చాలా కొద్దిగా, 0.03 దగ్గర ఇస్తే చాలు. బ్లర్ ముందు, ఇది తర్వాత. తిరగేస్తే వేసిన గరుకునంతా బ్లర్ తుడిచేస్తుంది.

బ్లర్, గరుకు ఇచ్చేముందు టెక్స్ట్ లేయర్‌కు షిఫ్ట్ కంట్రోల్ డి తో నకలు తీసి, అసలుదాన్ని కన్ను గుర్తు నొక్కి దాచండి. 2.10 లో ఫిల్టర్ పడగానే అక్షరాలు మామూలు చుక్కలైపోతాయి, మళ్లీ టైప్ చేయడానికి వెళ్తే చేసిన మార్పులు పోతాయి.

చూసుకునేటప్పుడు 400 శాతంలో తృప్తి పడొద్దు. 1 నొక్కి అసలు సైజుకు రండి, పక్కనున్న "వారం"తో పోల్చండి, కుర్చీ వెనక్కి జరుపుకుని ఇంకోసారి చూడండి. ముడతలు పడ్డ బట్ట మీదో, వంగిన సీసా మీదో ఉన్న మాటకు ఇంత సులువుగా రాదు, కొత్తలో ఇలాంటి చదునైన బోర్డుతోనే మొదలుపెట్టండి.

అపోహ: సేవ్ చేస్తే ఫోటో వచ్చేస్తుంది.

కంట్రోల్ ఎస్ ఇచ్చేది .xcf ఫైలు, అందులో లేయర్లన్నీ విడివిడిగా ఉంటాయి. అందరికీ పంపే జేపీజీ కావాలంటే File > Export As. రెండూ దాచుకోండి. నెల తిరక్కుండానే ఆ క్లాసు ఆదివారానికి మారింది. .xcf తెరిచి, పాత నకలు తీసేసి, దాచిన టెక్స్ట్ లేయర్‌ను బయటికి తీసి "శని" బదులు "ఆది" కొట్టి, మళ్లీ నకలు తీసి అసలుదాన్ని దాచి, ఆ నకలుకు అదే 0.8, అదే 0.03 ఇచ్చాను. అతుకు జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు.