మార్కుల గొడవలో టీచరు: అపోహలు - వాస్తవాలు

నేను 14 ఏళ్లుగా ప్రైవేటు స్కూళ్లలో లెక్కలు చెబుతున్నాను. ఎఫ్ఏ స్లిప్ టెస్టు పేపర్లు ఇళ్లకు పంపిన రాత్రి ఫోన్ మోగితే చాలు, గుండె గుభేలుమనేది.

అపోహ: రాత్రి వచ్చిన మెసేజ్‌కు అప్పుడే జవాబివ్వకపోతే గొడవ పెరుగుతుంది.

కంగారులో రాసిన జవాబే గొడవ పెంచుతుంది. నిరుడు ఏడో తరగతి పాప నాన్నగారు రాత్రి 10:40కి "20కి 11 ఏంటి మేడమ్?" అని క్లాసు గ్రూపులోనే పెట్టారు. నేను పొద్దున్నే ఆయనకు విడిగా "సాయంత్రం 4కి పాపతో రండి, పేపరు చూస్తూ మాట్లాడుకుందాం" అని పంపాను.

అపోహ: వాళ్లకు కావాల్సింది మార్కులే, రెండు కలిపేస్తే సరిపోతుంది.

మొదట్లో నేనూ కలిపాను. తర్వాతి పరీక్షకు ఇంకో ముగ్గురు అడగడానికి వచ్చారు.

ఈసారి పేపరు బల్ల మీద పరిచాను. పాప 3/4 + 2/5 = 5/9 అని రాసింది. పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కలిపేసింది. ఇదే తప్పు మూడు లెక్కల్లో ఉంది. "5/9 అంటే సగం కంటే కాస్త ఎక్కువ. ముప్పావుకు ఇంకొంత కలిపితే తగ్గుతుందా అమ్మా?" అని పాపనే అడిగాను. కాసేపు చూసి "తగ్గదు మేడమ్" అంది. హారాలు రెండూ 20 చేసుకుని 23/20 తనే రాబట్టింది. "ఇంట్లో ఏం చేయించాలి?" అన్నారు నాన్నగారు. రోజూ ఐదు లెక్కలు ఇచ్చి, వేసేముందు జవాబు ఒకటి కంటే ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా చెప్పించమన్నాను.

అందరూ ఇలా మెత్తబడరు. అయినా మాట నా మీద నుంచి పేపరు మీదకు మళ్లుతుంది. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో దిద్దకముందే రాసిపెట్టుకుంటాను కాబట్టే ఇది కుదురుతుంది.

అపోహ: ప్రిన్సిపల్ మన వైపు లేకపోతే చేయగలిగిందేమీ లేదు.

ఆ రోజు పొద్దున మా ప్రిన్సిపల్ గారు "ఫీజులు కట్టేవాళ్లమ్మా, కాస్త చూసి వేసేయండి" అన్నారు. నేను వాదించలేదు. మధ్యాహ్నం చిన్న మెయిల్ పెట్టాను: "మార్కులు చూడమన్నారు. నా మార్కుల పట్టిక జతచేశాను, దాని ప్రకారం 11 వచ్చాయి. మార్చాలంటే ఏ ప్రశ్నకు ఎన్ని కలపాలో రాసి పంపండి." జవాబు రాలేదు, మార్కులూ మారలేదు.

ఇది ఉద్యోగానికి రక్షణ అని మాత్రం చెప్పను. అంతకుముందు స్కూల్లో ఇలాంటి మెయిల్ తర్వాతే నన్ను పదో తరగతి నుంచి తప్పించారు. రెండు నెలలు సరిగ్గా నిద్రపోలేదు. అప్పుడే, ఫిబ్రవరిలో, వేరే స్కూళ్లలో ఖాళీలు అడగడం మొదలుపెట్టాను. జూన్ దగ్గరపడితే టైమ్‌టేబుళ్లు వేసేస్తారు, మన షరతులు చెప్పుకునే వీలుండదు. ఈ స్కూల్లో చేరేముందే ఇంటర్వ్యూలో అడిగాను: "పేరెంట్ మార్కులు మార్చమంటే ఇక్కడ ఎవరు మాట్లాడతారు?"