షర్టులకు ఐటమ్ కోడ్లు: ఎస్‌కేయూ గురించి అపోహలు - వాస్తవాలు

రెడీమేడ్ షాపులకు స్టాక్, బిల్లింగ్ సెటప్ చేసి పెట్టడం నా పని. ఏ షాపుకెళ్లినా ఎక్కువ గొడవ సాఫ్ట్‌వేర్ దగ్గర ఉండదు, ఐటమ్ కోడ్ దగ్గరే ఉంటుంది. అందులోనూ షర్టులు. ఒకే డిజైన్ నాలుగు రంగుల్లో, ఐదు సైజుల్లో వస్తుంది కాబట్టి కోడ్ తప్పుగా పెడితే మొదటి నెలలోనే లెక్క తప్పిపోతుంది.

అపోహ: ఒక డిజైన్‌కి ఒక కోడ్ చాలు, సైజులు చూస్తే తెలుస్తాయిగా.

చూస్తే తెలుస్తాయి, కానీ కంప్యూటర్‌కి తెలియవు. ప్లెయిన్ కాటన్ ఫుల్ హ్యాండ్స్ షర్టు, డిజైన్ నంబర్ 2147 అనుకోండి. తెలుపు, స్కై బ్లూ, నేవీ బ్లూ, నలుపు, ఇవి రంగులు. సైజులు 38, 40, 42, 44, 46. ఒక్కో రంగులో ఒక్కో సైజుకి 5 పీసుల చొప్పున మొత్తం 100 దించారు. ముందుగా పోయేవి ఎప్పుడూ 40, 42 సైజులే. ఆ రెండు సైజులవీ కలిపి 40 పీసులూ అమ్ముడైపోయాయి. స్క్రీన్ మీద మాత్రం 2147 ఇంకా 60 ఉన్నట్టు చూపిస్తుంది, ఓనరు నిశ్చింతగా ఉంటారు, ఆర్డర్ పెట్టరు. కౌంటర్ దగ్గర ఏమో 40 సైజు అడిగిన ప్రతి కస్టమరూ తిరిగి వెళ్లిపోతుంటాడు.

ఎస్‌కేయూ అంటే మీరు విడిగా లెక్కపెట్టుకోవాల్సిన అతి చిన్న రకం, అంతే. దానికి నేను వాడే పరీక్ష ఒకటే: ఇది అడిగిన కస్టమర్‌కి అది ఇస్తే మాట్లాడకుండా తీసుకుంటాడా? తీసుకోడంటే రెండూ వేరు వేరు ఎస్‌కేయూలు. 40 అడిగినవాడు 46 తీసుకోడు, నేవీ అడిగినవాడు నలుపు తీసుకోడు. కాబట్టి పై షర్టుకి 4 రంగులు, 5 సైజులు కలిపి 20 కోడ్లు కావాలి. అదే గుడ్డలో హాఫ్ హ్యాండ్స్ కూడా ఉంటే దానికి వేరే డిజైన్ నంబర్ ఇవ్వండి, 2148 అని, ఇంకో 20 కోడ్లు వస్తాయి. ఎక్కువైపోయాయని భయపడక్కర్లేదు, అవి టైప్ చేసేది మీరు కాదు, స్కానర్.

అపోహ: కోడ్ చూడగానే అన్నీ తెలియాలి. సప్లయర్, కొన్న రేటు, ఎంఆర్‌పీ, సీజన్ అన్నీ అందులోనే పెట్టాలి.

ఇది చాలామంది ఇష్టంగా చేసే పని, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. రేటు మారుతుంది, సప్లయర్ మారతాడు, షర్టు మాత్రం అదే. కోడ్‌లో 799 అని పెట్టారనుకోండి, వచ్చే లోడుకి ఎంఆర్‌పీ 849 అయితే అదే షర్టుకి రెండో కోడ్ పుడుతుంది. స్టాక్ రెండు చోట్లకి చీలిపోతుంది, ఒకచోట 3 పీసులు, ఇంకోచోట 12, ఏది చూసి ఆర్డర్ పెట్టాలి? ఎంఆర్‌పీ మారినప్పుడు పాత పీసులు పాత ధరకీ కొత్తవి కొత్త ధరకీ పోవాలి, నిజమే. దానికి చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒకే ఐటమ్ కింద ఎంఆర్‌పీ వారీగా బ్యాచ్‌లు పెట్టుకునే వీలుంది, అది వాడండి.

షర్టు పుట్టినప్పటి నుంచి అమ్ముడయ్యే దాకా మారనివి మూడే: డిజైన్, రంగు, సైజు. కోడ్‌లో అవే ఉండాలి, ఆ వరుసలోనే. మిగతావన్నీ ఐటమ్ మాస్టర్‌లో, అంటే ప్రతి ఐటమ్ వివరాలూ ఉండే పట్టికలో, వేరే కాలమ్స్‌లోకి వెళ్లాలి.

```
S2147-WHT-40
S2147-NVY-40
S2147-NVY-42
S2147-BLK-46
```

మొత్తం 12 అక్షరాలు. ఇంతకంటే బాగా పొడుగైతే 50 మిల్లీమీటర్ల లేబుల్ మీద బార్‌కోడ్ గీతలు సన్నబడిపోయి, మామూలు స్కానర్ రెండు మూడుసార్లు చూపిస్తే గానీ పట్టుకోదు.

ముందు ఆ S ఎందుకంటే ఎక్సెల్ కోసం. డిజైన్ నంబర్‌ని విడి కాలమ్‌లో ఉత్త అంకెలుగా రాస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది, 0147 కాస్తా 147 అవుతుంది. ఇంకా ఘోరం, `214E05` లాంటి కోడ్ టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని `2.14E+07` అని మార్చేస్తుంది. సేవ్ చేశాక పాత కోడ్ తిరిగి రాదు.

అపోహ: రంగుకి మొదటి రెండు అక్షరాలు పెడితే సరిపోతుంది.

BL అంటే బ్లాకా, బ్లూనా? GR అంటే గ్రీనా, గ్రేనా? మధ్యాహ్నం రద్దీలో సరుకు ఎక్కించే కుర్రాడు ఏదో ఒకటి కొట్టేస్తాడు, నెలాఖరులో ఒక రంగు మైనస్‌లో, ఇంకో రంగు ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే డిజైన్‌లో ఒక రంగు తగ్గి, అంతే లెక్క ఇంకో రంగులో పెరిగిందంటే దొంగతనం అనుకోకముందు కోడ్లు చూడండి. మూడక్షరాలు పెట్టండి, చివరి అక్షరం ఒక్కటే తేడా ఉన్న జంటలు వద్దు. GRN, GRY పక్కపక్కన ఉంటే మళ్లీ అదే గొడవ, ఎలాగూ మనవాళ్లు గ్రే అనరు, యాష్ కలర్ అంటారు, కాబట్టి ASH పెట్టేయండి. సప్లయర్ బిల్లులో మిడ్‌నైట్, ఇంక్ అని ఏం రాసినా మీ లిస్టులో అది నేవీ అయితే NVY మాత్రమే. లిస్టులోకి కొత్త రంగు చేర్చే అధికారం ఒక్క మనిషికే ఉండాలి.

ఇక చెక్స్, ప్రింట్లు. ఎరుపు, నీలం, తెలుపు కలిసిన చెక్స్ షర్టుకి ఏ రంగు రాస్తారు? ఇద్దరు మనుషులు రెండు పేర్లు రాస్తారు. వీటికి రంగు పేరు వదిలేసి షేడ్ నంబర్ ఇవ్వండి, `S3052-C01-40`, `S3052-C02-40` అని, మాస్టర్‌లో ప్రతి షేడ్‌కి ఫోటో పెట్టండి. కొత్త లాట్‌లో అదే నేవీ కొంచెం తేడాగా వస్తే? మళ్లీ ఆ పరీక్షే. పక్కపక్కన పెట్టినా కస్టమర్ పట్టించుకోనంత తేడా అయితే అదే కోడ్. కానీ ఒకే ఫంక్షన్‌కి పది షర్టులు తీసుకునేవాళ్లు మీ దగ్గరికి ఎక్కువగా వస్తుంటే లాట్ నంబర్‌ని మాస్టర్‌లో విడిగా రాసుకోండి, లేకపోతే ఫోటోల్లో తేడా కనిపించిందని గొడవకొస్తారు.

అపోహ: సైజుకి S, M, L, XL రాస్తే అందరికీ అర్థమవుతుంది.

మనుషులకి అర్థమవుతుంది. రిపోర్ట్ తీస్తే మాత్రం అక్షర క్రమంలో L, M, S, XL అని వస్తుంది, ఏ సైజు తగ్గిందో కంటికి ఆనదు. పైగా ఒక కంపెనీ M అంటే 38, ఇంకో కంపెనీ M అంటే 40. కాలర్ మీద అంకె ఉంటే అదే కోడ్‌లో పెట్టండి. టీ షర్టుల్లా అక్షరాలే ఉంటే బలవంతంగా అంకెలు చేయకండి, షెల్ఫ్ దగ్గర వెతికేవాడు చూసేది ఆ ట్యాగే. మాస్టర్‌లో వరుస నంబర్ కాలమ్ ఒకటి పెడితే రిపోర్ట్ సరిగ్గా వస్తుంది. XXL, 2XL రెండిట్లో ఏదో ఒక్కటే వాడండి.

అపోహ: బార్‌కోడ్ నంబరే ఎస్‌కేయూ.

కాదు. 890తో మొదలయ్యే 13 అంకెల నంబర్, బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే జీఎస్1 ఇండియా అనే సంస్థ ద్వారా తయారీదారు తీసుకున్నది, ఏ షాపులోనైనా అదే ఉంటుంది. ఎస్‌కేయూ మీ షాపుది. మాస్టర్‌లో రెండూ పక్కపక్కన ఉండాలి. బార్‌కోడ్ లేని సరుకుకి మీ ఎస్‌కేయూనే కోడ్ 128 అనే బార్‌కోడ్ రకంలో ప్రింట్ చేసి అంటించుకోవచ్చు. బిల్లులో జీఎస్టీ కోసం సరుకు రకాన్ని చెప్పే 6205 అనే హెచ్‌ఎస్‌ఎన్ నంబర్ కూడా ఎస్‌కేయూ కాదు, నేసిన గుడ్డతో కుట్టిన మగవాళ్ల షర్టులన్నిటికీ అదే వస్తుంది.

అపోహ: ఆగిపోయిన డిజైన్ కోడ్‌ని కొత్త డిజైన్‌కి వాడుకోవచ్చు.

వద్దు. పాత బిల్లుతో రిటర్న్ వచ్చిందంటే ఆ పాత షర్టు కొత్త డిజైన్ స్టాక్‌లో కూర్చుంటుంది, నిరుటి అమ్మకాలూ ఈ ఏటివీ కలిసిపోతాయి. నాలుగంకెల డిజైన్ నంబర్లు దాదాపు పది వేలు ఉన్నాయి, పొదుపు అక్కర్లేదు. ఆగిపోయినదాన్ని డిలీట్ చేయకుండా ఇనాక్టివ్ చేసి వదిలేయండి.

ఇప్పటికే కోడ్లు గందరగోళంగా ఉంటే ఒక్కరోజులో అన్నీ మార్చే ప్రయత్నం చేయకండి. కొత్త సరుకుకి కొత్త పద్ధతి మొదలుపెట్టండి. పాత సరుకుని స్టాక్ కౌంటింగ్ రోజున, ఒక్కో ర్యాక్ చొప్పున, లెక్కపెడుతూనే కొత్త లేబుల్ వేస్తూ మార్చండి, మాస్టర్‌లో పాత కోడ్ అనే కాలమ్ ఉంచండి. పాత లేబుల్ ఉన్న షర్టు ఎప్పుడు కౌంటర్ దగ్గరకొచ్చినా ఆ కాలమ్‌లో వెతికితే అది ఏ కొత్త కోడో దొరుకుతుంది.